స్పీడ్ టెస్టులో 94, కాల్‌లో మాత్రం ఫ్రీజ్: హనుమకొండలో ఒక ఇంటి కేసు

హనుమకొండలో రెండంతస్తుల ఇల్లు. పై అంతస్తులో ఉండే అతను హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాడు. కింద అతని అన్నయ్య పెళ్లిళ్ల ఫొటో స్టూడియో నడుపుతాడు. రెండింటికీ ఒకటే ఫైబర్ కనెక్షన్, 100 ఎంబీపీఎస్ ప్లాన్. ఫోన్‌లో తమ్ముడు చెప్పిన ఫిర్యాదు ఇది: "అన్నా, స్పీడ్ మంచిగనే చూపిస్తుంది. కాల్‌లకు పోతే నా మాట తెగిపోతుందంటరు. నాకు మాత్రం వాళ్లు దాదాపు సరిగ్గనే కనిపిస్తరు."

ఆ చివరి మాటను నేను పట్టించుకున్నాను. ఇటు నుంచి వెళ్లేది దెబ్బతిని, అటు నుంచి వచ్చేది దాదాపు బాగుందంటే అనుమానం ముందు అప్‌లోడ్ మీదికి వెళ్లాలి. రెండు వైపులా ఒకేలా చెడిపోతే వైఫై, ల్యాప్‌టాప్, అవతలివాళ్ల కనెక్షన్ అన్నీ చూడాల్సి వస్తుంది. అందుకే కాల్ సమస్య అని ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది ఒకటే: ఆగిపోయేది ఎవరి బొమ్మ, మీదా వాళ్లదా?

ఇక ఎప్పుడు ఆగుతోంది? ఈ ప్రశ్నకు వాళ్లింట్లో స్పష్టమైన జవాబు లేదు, కానీ జరిగింది వరసగా చెప్పమంటే ఒక విషయం బయటపడింది. జ్యేష్ఠంలో కాల్స్ బాగా ఇబ్బంది పెట్టాయట. ఫిర్యాదు చేస్తే ఆపరేటర్ మనుషులు వచ్చి స్తంభం దగ్గర కనెక్టర్ మార్చారు. ఆ తర్వాత కొన్ని వారాలు ఏ గొడవా లేదు. శ్రావణం రాగానే మళ్లీ మొదలైంది. కనెక్టర్ మళ్లీ పాడైందని వాళ్లు అనుకున్నారు. నాకు మాత్రం మధ్యలో ఉన్న ఆషాఢం కనిపించింది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, స్టూడియోకు పని ఉండదు. కనెక్టర్ మార్చడం, ముహూర్తాలు అయిపోవడం ఒకే సమయంలో జరిగాయి కాబట్టి రిపేరు పనిచేసినట్టు అనిపించింది. రాత్రి పెళ్లి అయితే మర్నాడు ఉదయం పది గంటలకు స్టూడియో కుర్రాడు ఫొటోలు, వీడియోలు ఆల్బమ్ డిజైనర్‌కు గూగుల్ డ్రైవ్‌లో ఎక్కిస్తాడు. తమ్ముడి రోజువారీ టీమ్ మీటింగ్ కూడా పదింటికే.

అనుమానం ఉంటే సరిపోదు, కొలవాలి. వైఫైని పక్కన పెట్టడానికి ల్యాప్‌టాప్‌ను ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ బాక్స్‌కు, అంటే ఓఎన్‌టీకి, కేబుల్‌తో కలిపాను. రెండు కమాండ్ విండోలు తెరిచి పక్కపక్కన పెట్టాను.

```
ping -t 192.168.1.1
ping -t 1.1.1.1
```

మొదటిది ఇంట్లో ఉన్న బాక్స్ దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం చూపిస్తుంది. రెండోది బయటి ఇంటర్నెట్ దాకా వెళ్లి రావడానికి పట్టేది. మొదటిదాంట్లోనే అంకెలు ఎగిరిపడితే తప్పు ఇంట్లో ఉంది: వైఫై, కేబుల్, లేదా బాక్స్. మొదటిది కుదురుగా ఉండి రెండోది మాత్రమే ఎగిరితే తప్పు బాక్స్ నుంచి లైన్‌లోకి వెళ్లే చోట గానీ, అవతలి లైన్‌లో గానీ ఉంది. ఒక్క పింగ్ మాత్రమే పెట్టి చూస్తే ఈ తేడా తెలియదు. ఇంటి లోపలి సమస్యకు ఆపరేటర్‌తో, లైన్‌లోని సమస్యకు వైఫైతో గొడవపడుతూ కూర్చుంటాం.

స్టూడియో కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఇంటి బాక్స్‌కు 1 మిల్లీసెకను, బయటికి 9 నుంచి 11 మధ్య వచ్చాయి. చక్కటి లైన్. అప్పుడు కింది నుంచి పెళ్లి వీడియో ఫోల్డర్ అప్‌లోడ్ మొదలుపెట్టమన్నాను. ఇంటి బాక్స్ పింగ్ 1 దగ్గరే ఉంది. రెండో విండోలో ఇలా వచ్చింది:

```
Reply from 1.1.1.1: bytes=32 time=10ms TTL=58
Reply from 1.1.1.1: bytes=32 time=214ms TTL=58
Reply from 1.1.1.1: bytes=32 time=518ms TTL=58
Reply from 1.1.1.1: bytes=32 time=733ms TTL=58
```

తర్వాత 340కి పడి, మళ్లీ మెల్లగా 700 పైకి ఎక్కింది. మళ్లీ పడింది, మళ్లీ ఎక్కింది. అప్‌లోడ్ ఆపమని కిందికి కేక వేస్తే ఒకటి రెండు సెకన్లలోనే 10కి వచ్చేసింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే ఎక్కుడు. ఈ కేసులో తిరుగులేని రుజువు ఇదే. కనెక్టర్ లూజుగా ఉన్నా, ఫైబర్ వంగినా ప్యాకెట్లు, అంటే లైన్‌లో వెళ్లే డేటా ముక్కలు, పోతాయి, కనెక్షన్ తెగుతుంది. అంతేగానీ అప్‌లోడ్ బటన్‌తో పాటు పింగ్ ఇంత నమ్మకంగా ఎక్కి దిగదు.

అప్‌లోడ్ నడుస్తుండగానే తమ్ముడు ఎప్పటిలాగే ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి చూపించాడు. డౌన్‌లోడ్ 94, అప్‌లోడ్ 15. "చూడండన్నా, ఇంకేం కావాలె?" నేను ఆ పెద్ద అంకెల కింద చిన్న అక్షరాల్లో ఉన్న పింగ్ వరుస చూపించాను. చాలా స్పీడ్ టెస్ట్ యాప్‌లు ఇప్పుడు పింగ్‌ను మూడుసార్లు కొలుస్తాయి: లైన్ మీద టెస్ట్ భారం వేయకముందు, డౌన్‌లోడ్ నడుస్తుండగా, అప్‌లోడ్ నడుస్తుండగా. మూడోది 700 దాటింది. ఆ వరుసను ఎవరూ చూడరు. పైగా చాలామంది కాల్ తెగాక, ఇంట్లో అంతా ఆపేసి టెస్ట్ పెడతారు. అప్పుడు వచ్చే పింగ్ ఖాళీ లైన్ పింగ్. దాని పక్కన ఉండే జిట్టర్, అంటే పింగ్‌లో వచ్చే హెచ్చుతగ్గు, కూడా ఖాళీ లైన్‌దే. వాటితో కాల్ సంగతి ఏమీ తెలియదు.

అసలు స్పీడ్ టెస్ట్ కొలిచేది సెకనుకు ఎంత డేటా వెళ్లిందని. ఒక్కో ప్యాకెట్ ఎంతసేపు ఆగిందనేది ఆ అంకెలో ఉండదు. ఓఎన్‌టీలో లైన్‌లోకి వెళ్లడానికి ఎదురుచూసే ప్యాకెట్లకు కొంత మెమరీ ఉంటుంది, అదే బఫర్. అది పెద్దగా ఉంటే ప్యాకెట్లు అరుదుగానే నష్టమవుతాయి, లైన్ ఎప్పుడూ నిండుగా ఉంటుంది, స్పీడ్ టెస్ట్ అంకె అందంగా వస్తుంది. ఆలస్యం మాత్రం ఆ బఫర్‌లోనే పేరుకుంటుంది. ఈ ఇంట్లో లెక్క చూద్దాం. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు కేబుల్ మీద అప్‌లోడ్ 21 ఎంబీపీఎస్ వచ్చింది. 700 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే 21ని 0.7తో గుణిస్తే 14.7 మెగాబిట్లు, దాదాపు 1.8 మెగాబైట్లు. అంటే బాక్స్‌లో రెండు ఎంబీ కూడా లేని బఫర్ నిండితే చాలు, దాని వెనక వచ్చిన ప్రతి ప్యాకెట్ ముప్పావు సెకను దాకా ఆగుతుంది. మాట ప్యాకెట్ చిన్నది, సాధారణంగా 20 మిల్లీసెకన్లకొకటి బయల్దేరుతుంది. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ గేటు ముందు లారీల వరుసలో ఇరుక్కున్న బైక్ పరిస్థితే దానిది. బైక్ చిన్నదైనా ముందున్న లారీలన్నీ కదిలేదాకా ఆగాల్సిందే. అనవసరంగా పెద్దవైన బఫర్లు నిండి ఇలా ఆలస్యం పెరగడాన్నే బఫర్‌బ్లోట్ అంటారు. జిమ్ గెటిస్ అనే ఇంజనీరు 2010లో తన ఇంటి కనెక్షన్‌లోనే దీన్ని గమనించి, తవ్వి, అందరి దృష్టికీ తెచ్చాడు.

ఆలస్యం స్థిరంగా 700 దగ్గర ఉంటే మాట ముప్పావు సెకను వెనకబడుతుంది, సంభాషణ చిరాకుగా ఉంటుంది, అంతవరకే. ఇక్కడ మాట ముక్కలైంది, బొమ్మ ఆగింది. దానికి కారణం ఆ ఎక్కుడు దిగుడు. ఫైల్ అప్‌లోడ్ సాధారణంగా ఒక ప్యాకెట్ పోయేదాకా తన వేగాన్ని పెంచుతూ పోతుంది. బఫర్ పూర్తిగా నిండి ప్యాకెట్ పోగానే తగ్గుతుంది, మళ్లీ పెంచుతుంది. పింగ్ 340 నుంచి 730కి, మళ్లీ కిందికి రంపపు పళ్లలా తిరిగింది అందుకే. ప్యాకెట్ల మధ్య వచ్చే ఈ తేడాయే జిట్టర్. కాల్ యాప్ అవతలి వైపున వచ్చిన ప్యాకెట్లను కాసేపు ఆపి, వరుసలో పెట్టి వినిపిస్తుంది. ఆలస్యం ఉన్నట్టుండి వందల మిల్లీసెకన్లు పెరిగితే దాని దగ్గరున్న నిల్వ అయిపోతుంది. ఆ తర్వాత వచ్చిన ప్యాకెట్ సమయం దాటినదే, కాబట్టి దాన్ని పారేస్తుంది. వినేవాళ్లకు అది తెగిన మాట.

ఇంకో అన్యాయం కూడా ఉంది. వీడియో కాల్ యాప్‌లు ఆలస్యం పెరగడాన్ని గమనించి, లైన్ ఇరుకైందని తమంతట తామే క్వాలిటీ తగ్గించుకుంటాయి. ఫైల్ అప్‌లోడ్ ఆలస్యాన్ని చూసి తగ్గదు. కాల్ వదిలిన చోటును కూడా అదే ఆక్రమిస్తుంది. అందుకే 21 ఎంబీపీఎస్ లైన్‌లో రెండు ఎంబీపీఎస్ కూడా అవసరం లేని కాల్ నలిగిపోయింది. ప్లాన్‌ను 200కి పెంచుకోవాలని తమ్ముడు అప్పటికే అనుకుంటున్నాడు. అప్‌లోడ్ వేగం పెరిగితే అదే బఫర్ త్వరగా ఖాళీ అవుతుంది కాబట్టి ఆలస్యం కొంత తగ్గుతుంది. కానీ ఫోల్డర్ వెళ్తున్నంతసేపూ ఆ లైన్ కూడా నిండుతుంది. నెలనెలా డబ్బు పెట్టి సగం మందు కొనుక్కోవద్దని చెప్పాను.

ఆ రోజుకు ఉపశమనం సులభంగానే దొరికింది. డెస్క్‌టాప్ మీద నడిచే గూగుల్ డ్రైవ్ యాప్ సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టే వీలుంది. అక్కడ సెకనుకు 1500 కేబీ పెట్టాం, అంటే 12 ఎంబీపీఎస్. బఫర్ నిండే ప్రసక్తే లేదు, పింగ్ 10-12 దగ్గరే ఉంది. డబ్బు పెట్టడం ఇష్టం లేని ఇంట్లో నేను ఇక్కడితో ఆపేస్తాను. కానీ ఈ పరిమితి ఆ ఒక్క యాప్‌కే. కుర్రాడు బ్రౌజర్‌లో ఎక్కించినా, ఎవరి ఫోనో ఫొటోలు బ్యాకప్ చేసుకున్నా మళ్లీ మొదటికి వస్తుంది.

శాశ్వత పరిష్కారానికి వెళ్లేముందు వాళ్లకు ఒక విషయం వివరించాల్సి వచ్చింది. చాలా రౌటర్లలో వీడియో కాల్‌కు ముందు వరుస ఇచ్చే ఆప్షన్ ఉంటుంది కదా, అది పెడితే చాలదా అని అన్నయ్య అడిగాడు. చాలదు. రౌటర్ కాల్ ప్యాకెట్‌ను ముందుకు పంపినా, అది వెళ్లి ఓఎన్‌టీలోని వరుస చివర నిలబడుతుంది. ఆ వరుస మన చేతిలో లేదు. వరుస ఎక్కడ ఉందో అక్కడే దాన్ని సరిదిద్దగలం. అందుకని వరుసనే మన రౌటర్‌లోకి తెచ్చుకోవాలి. రౌటర్ నుంచి బయటికి పంపే వేగాన్ని లైన్ వేగం కంటే కొంచెం తక్కువకు కట్టడి చేస్తే ఓఎన్‌టీ బఫర్ ఎప్పుడూ నిండదు. ప్యాకెట్లు ఆగాల్సి వస్తే మన రౌటర్‌లోనే ఆగుతాయి. అక్కడ మంచి పద్ధతిలో నడిపించొచ్చు.

ఆ పద్ధతి పేరు కేక్, 2018లో లినక్స్ 4.19 కెర్నల్‌లో చేరింది. అది ఒక్కో ప్రవాహానికి వేరే వరుస పెడుతుంది కాబట్టి మాట ప్యాకెట్ ఫైల్ ప్యాకెట్ల వెనక నిలబడదు. ఏ వరుసలోనైనా ప్యాకెట్లు మరీ ఎక్కువసేపు నిలిచిపోతుంటే ఒకటి రెండు వదిలేసి, పంపేవాళ్లకు తగ్గమని ముందే చెబుతుంది. రౌటర్ల కోసం తయారైన లినక్స్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నడిచే రౌటర్ ఒకటి కొనిపించి ఓఎన్‌టీ వెనక పెట్టాను. ఓఎన్‌టీ వైఫై ఆపేసి, ఇంట్లోని కేబుళ్లన్నీ కొత్త రౌటర్‌లోకి మార్చాను. `/etc/config/sqm` ఫైల్‌లో పెట్టింది ఇది:

```
config queue
	option enabled '1'
	option interface 'wan'
	option download '85000'
	option upload '19000'
	option qdisc 'cake'
	option script 'piece_of_cake.qos'
	option linklayer 'ethernet'
	option overhead '44'
```

అంకెలు కిలోబిట్లలో ఉంటాయి. కొలిచిన 21లో దాదాపు 90 శాతంతో, 19తో మొదలుపెట్టాను. అప్‌లోడ్ నడుపుతూ పింగ్ చూస్తూ కొంచెం కొంచెం పెంచాను. 19.5 దాకా పింగ్ 12-18 మధ్యే ఉంది. 20.5 దగ్గర 60 దాటింది, అంటే వరుస మళ్లీ ఓఎన్‌టీలోకి వెళ్తోంది. వెనక్కి వచ్చి 19.5 దగ్గర ఆపాను. ప్లాన్ కాగితంలో రాసిన అంకెతో కాక ఇలా పింగ్ చూస్తూనే ఈ విలువ తేల్చుకోవాలి. డౌన్‌లోడ్‌కు ఇంకాస్త ఎక్కువ తగ్గించి 85 పెట్టాను. ఎందుకంటే ఆ వరుస ఆపరేటర్ వైపు ఉంటుంది, ప్యాకెట్లు లైన్ దాటి వచ్చాక ఇక్కడ వదిలేసి అవతలివాళ్లను తగ్గమనడం తప్ప మనం చేయగలిగింది లేదు. రౌటర్‌లో హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు కేక్‌ను తప్పించుకుని వెళ్లిపోతాయి, అది ఆపి ఉండాలి. ఆపితే భారం అంతా ప్రాసెసర్ మీద పడుతుంది. 100 ప్లాన్‌కు మామూలు రౌటర్ చాలుతుంది, 500 ప్లాన్ ఉన్న ఇంట్లో చవక రౌటర్ పెడితే స్పీడే పడిపోతుంది.

స్పీడ్ తగ్గించడం అన్నయ్యకు నచ్చలేదు. లెక్క వేసి చూపించాను. ఒక పెళ్లి ఫోల్డర్ 40 జీబీ. 21 ఎంబీపీఎస్‌తో 4 గంటల 14 నిమిషాలు పడుతుంది, 19.5తో 4 గంటల 33 నిమిషాలు. పంతొమ్మిది నిమిషాలు ఎక్కువ. ఎలాగూ మధ్యాహ్నం దాకా నడిచే పనే కాబట్టి ఒప్పుకున్నాడు.

కొన్నాళ్లు అంతా బాగుంది. తర్వాత ఒక ఉదయం మళ్లీ ఫోన్: "మళ్లీ గదే అన్నా." పింగ్ 600 చూపిస్తోంది. రౌటర్‌లో ఈ కమాండ్ కొట్టాను:

```
tc -s qdisc show dev wan
```

కేక్ నడుస్తూనే ఉంది. కానీ కొన్ని సెకన్ల తేడాతో రెండుసార్లు కొట్టి, పంపిన బైట్లు ఎంత పెరిగాయో చూస్తే రెండు ఎంబీపీఎస్ కూడా లేదు. లైన్ నిండిపోయి ఉంది, నింపుతున్నది మాత్రం ఈ రౌటర్ గుండా వెళ్లడం లేదు. అంటే ఎవరో దీన్ని దాటేసి నేరుగా ఓఎన్‌టీలో పెట్టుకున్నారు. కింద చూస్తే స్టూడియో కంప్యూటర్ కేబుల్ ఓఎన్‌టీ పోర్టులో ఉంది. కుర్రాడిది తప్పనలేం. ముందురోజు కరెంటు పోయింది. ఓఎన్‌టీకి చిన్న యూపీఎస్ ఉంది, కంప్యూటర్‌కూ యూపీఎస్ ఉంది, కొత్త రౌటర్‌కు లేదు. అప్‌లోడ్ ఆగిపోతే కస్టమర్‌తో మాట పడాలి కదా, కేబుల్ అక్కడ పెట్టేసుకున్నాడు.

రౌటర్‌కు కూడా 12 వోల్టుల యూపీఎస్ పెట్టించాం. ఆపరేటర్‌ను అడిగి ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లోకి, అంటే లాగిన్ పని తను చేయకుండా లైన్‌ను రౌటర్‌కు అందించే పద్ధతిలోకి, మార్పించి, కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్‌లో ఇచ్చాను. ఇప్పుడు ఓఎన్‌టీలో నేరుగా కేబుల్ పెడితే ఇంటర్నెట్ రాదు. ఈ మార్పు చేసినప్పుడు పై ఫైల్‌లో ఇంటర్‌ఫేస్ పేరును `pppoe-wan`గా మార్చాలి.

ఇదంతా లైన్ వేగం దాదాపు స్థిరంగా ఉండే ఫైబర్‌కు సరిపోయే పని. రాత్రి వేళ ఆపరేటర్ దగ్గర రద్దీ పెరిగి అప్‌లోడ్ 15కి పడితే, 19.5కు పెట్టిన కట్టడి పనికిరాదు, వరుస మళ్లీ బయటికి పోతుంది. ఈ ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి కూడా కొలిచి చూశాను, 20కి తగ్గలేదు, అందుకే ఒకటే అంకె చాలింది. 4జీ, 5జీ డాంగిల్స్‌లో వేగం నిమిషానికో రకంగా మారుతుంది. అక్కడ పింగ్‌ను గమనిస్తూ కట్టడిని తనే పెంచి తగ్గించే `cake-autorate` లాంటి స్క్రిప్ట్ కావాలి, లేదంటే బాగా తక్కువ అంకె దగ్గర రాజీపడాలి.

పై అంతస్తులో వైఫై మీద కాల్ చేస్తే ఇప్పటికీ అప్పుడప్పుడు ఇంటి రౌటర్ పింగే 40 దాకా ఎగురుతుంది. అది చుట్టుపక్కల ఇళ్ల 2.4 గిగాహెర్ట్జ్ వైఫైల రద్దీ, కేక్‌తో తగ్గేది కాదు. మెట్ల పక్కనుంచి కేబుల్ లాగి తమ్ముడి టేబుల్ దగ్గర పోర్ట్ పెట్టించాం. మీటింగ్ ల్యాప్‌టాప్ ఇప్పుడు దాని మీదే నడుస్తోంది.